డాలర్ ఇన్వాయిస్‌లో మిగిలిపోయిన 17,143 రూపాయలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న ఇంజనీరింగ్ డ్రాయింగ్స్ ఆఫీసు. అకౌంట్స్ నేనే చూస్తాను. అమెరికా క్లయింటుకు ఫిబ్రవరి 10న 10,000 డాలర్ల ఇన్వాయిస్ పంపాం. ఆ రోజు రేటు 86.40 చొప్పున 8,64,000 రాశాను. ఏప్రిల్ 18న బ్యాంకులో 8,46,857 పడింది. పార్టీ లెడ్జర్‌లో 17,143 అలాగే ఉండిపోయింది. క్లయింటేమో మొత్తం పంపేశానంటున్నాడు. మా సార్ డిస్కౌంట్‌లో కొట్టేయమంటున్నారు, ఇంకొకాయన క్రెడిట్ నోట్ ఇచ్చేయమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మార్చి 31న కూడా ఏదో ఎంట్రీ వేయాలట, నిజమేనా? ట్యాలీ వాడతాం. బ్యాంకు అడ్వైస్ జత చేశాను.
— విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: క్లయింటు చెప్పేది నిజమే. మీరు రాసిందీ తప్పు కాదు. డిస్కౌంట్ మాటా, క్రెడిట్ నోట్ మాటా మాత్రం రెండూ పక్కన పెట్టండి. ఆ 17,143లో వేర్వేరు రకాల తేడాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఒకే లెడ్జర్‌లోకి తోస్తే ఈ రోజుకు ఖాతా క్లియర్ అవుతుంది కానీ, ఆడిటర్ అడిగిన రోజు మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. క్లయింటు మీకు బాకీ పడింది డాలర్లలో. రూపాయల్లో ఆయన మీకు ఎప్పుడూ ఏమీ బాకీ లేడు. 8,64,000 అన్నది ఆ 10,000 డాలర్లకు ఫిబ్రవరి 10న మనం కట్టిన విలువ, అంతే. కాబట్టి తేడా వచ్చినప్పుడల్లా మొదట చూడాల్సింది డాలర్ల లెక్క. అది తేలాకే రూపాయల దగ్గరికి రావాలి. చాలా ఆఫీసుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది, అందుకే చిక్కులు.

మీరు పంపిన అడ్వైస్‌లో మొదటి వరుస చూడండి. బ్యాంకుకు చేరింది 9,980 డాలర్లు. క్లయింటు 10,000 పంపాడు, దారిలో మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు కోసుకుంది. రెండో వరుసలో ఆ 9,980ని 85.00 చొప్పున మార్చారు: 8,48,300 రూపాయలు. ఆ కింద మూడు కోతలున్నాయి. బ్యాంకు చార్జీ 500, దాని మీద జీఎస్‌టీ 90, ఆ తర్వాత 853 రూపాయల ఇంకో జీఎస్‌టీ. మొత్తం 1,443 పోగా మీ ఖాతాలో పడింది 8,46,857.

ఆ 853 ఏమిటని చాలామంది అడుగుతారు. డాలర్లను రూపాయల్లోకి మార్చడం కూడా బ్యాంకు చేసే సేవే, దాని మీదా జీఎస్‌టీ ఉంది. ఆ సేవ విలువను లెక్కగట్టే పద్ధతి జీఎస్‌టీ రూల్స్‌లో 32వ రూల్‌లో ఉంది. మార్చిన మొత్తంలో మొదటి లక్ష వరకు ఒక శాతం, లక్ష దాటి 10 లక్షల వరకు ఉన్న భాగం మీద అర శాతం. మీ 8,48,300కి ఆ లెక్కన 1,000, 3,741.50 కలిసి 4,741.50 వస్తుంది. దాని మీద 18 శాతం అంటే 853 చిల్లర. బ్యాంకు లెక్క సరిగ్గానే ఉంది. మీ జీఎస్‌టీ నంబరు బ్యాంకులో ఇచ్చి ఉంటే ఈ 853, ఆ 90 రెండూ మీ జీఎస్‌టీఆర్-2బిలో కనిపిస్తాయి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. కనిపించకపోతే ముందు బ్రాంచికి వెళ్లి నంబరు నమోదు చేయించండి. చిన్న మొత్తమే అనిపిస్తుంది కానీ ప్రతి రెమిటెన్స్‌కీ పోతూనే ఉంటుంది.

ఇక మార్చి 31 విషయం. అవును, ఎంట్రీ వేయాలి. మీలాంటి ఆఫీసులకు వర్తించే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 11 ప్రకారం, విదేశీ కరెన్సీలో రావాల్సిన బాకీని ఏడాది చివరన ఆ రోజు రేటుకు తిరిగి లెక్కగట్టాలి. ఫిబ్రవరి రేటును ఏప్రిల్ దాకా మోసుకెళ్లకూడదు. మార్చి 31 రేటు మీరు రాయలేదు, 85.50 అనుకుందాం. అసలు రేటు తీసుకుని మీరే సరిచేసుకోండి. అప్పుడు ఆ 10,000 డాలర్ల విలువ 8,55,000. పుస్తకాల్లో 8,64,000 ఉంది. తేడా 9,000 ఆ ఏడాది నష్టం. డబ్బు ఇంకా రాకపోయినా సరే, పాత ఏడాది ఖాతాలోనే పడాలి.

మీ మొత్తం కథ మూడు ఎంట్రీల్లో ఇలా ఉంటుంది:

```
ఫిబ్రవరి 10
  పార్టీ  డెబిట్                     8,64,000
    ఎగుమతి సేవల ఆదాయం  క్రెడిట్      8,64,000

మార్చి 31
  ఎక్స్ఛేంజ్ తేడా  డెబిట్               9,000
    పార్టీ  క్రెడిట్                     9,000

ఏప్రిల్ 18
  బ్యాంకు  డెబిట్                    8,46,857
  బ్యాంకు చార్జీలు  డెబిట్                500
  ఇన్‌పుట్ జీఎస్‌టీ  డెబిట్               943
  మధ్యవర్తి బ్యాంకు చార్జీ  డెబిట్       1,700
  ఎక్స్ఛేంజ్ తేడా  డెబిట్               5,000
    పార్టీ  క్రెడిట్                   8,55,000
```

మూడో ఎంట్రీలో రెండు అంకెల దగ్గర కాస్త ఆగాలి. దారిలో పోయిన 20 డాలర్లను ఆ రోజు బ్యాంకు రేటు 85.00కే లెక్కగట్టాం, అందుకే 1,700. అది ఎక్స్ఛేంజ్ నష్టం కాదు, ఖర్చు. ఎక్స్ఛేంజ్ తేడా మాత్రం మొత్తం 10,000 డాలర్ల మీద వస్తుంది. మార్చి 31న ఒక్కో డాలర్ 85.50 దగ్గర ఉంది, తీరిన రోజు 85.00. అర్ధ రూపాయి చొప్పున పది వేల డాలర్లకు 5,000. ఈ విభజన చేయకపోతే ఖర్చులన్నీ రేటు నష్టంలా కనిపిస్తాయి, డాలర్ పడిపోవడం వల్లే ఇంత పోయిందని మీ సార్ అనుకుంటారు. ఇక్కడ నిజంగా రేటు వల్ల పోయింది 9,000, 5,000 కలిపి 14,000. మిగతా 3,143 బ్యాంకుల ఖాతాలోకి వెళ్లింది. అందులోనూ 943 క్రెడిట్‌గా మీకు తిరిగి వస్తుంది.

ఆ 20 డాలర్ల కోత వచ్చేసారి ఆపవచ్చు. విదేశం నుంచి డబ్బు పంపేటప్పుడు చార్జీలు ఎవరు భరించాలో పంపేవాళ్లు తమ బ్యాంకు ఫారంలో రాస్తారు. అక్కడ `SHA` అని ఉంటే దారిలో పడే చార్జీలు మీ మీద పడతాయి, `OUR` అని ఉంటే పంపేవాళ్లు భరిస్తారు. ఇన్వాయిస్ కింద పేమెంట్ షరతుల్లో ఒక్క వాక్యం చేర్చి క్లయింటుకు చెబితే చాలు. ఒప్పుకోకపోతే ఆ మాత్రం ఖర్చు మీదేనని ముందే తెలుస్తుంది, ప్రతిసారీ పార్టీతో వాదన ఉండదు.

ఇప్పుడు అందరూ పడే ఒక పొరపాటు చెప్తాను. మార్చి 31న 9,000 నష్టం రాసేసి, ఏప్రిల్‌లో డబ్బు రాగానే మళ్లీ ఫిబ్రవరి రేటు 86.40 నుంచి లెక్క మొదలుపెడతారు. అప్పుడు నష్టం 14,000 అని రాసి పార్టీని 8,64,000కి క్రెడిట్ చేస్తారు. పార్టీ లెడ్జర్‌లో ఓపెనింగ్ 8,55,000 మాత్రమే ఉంది కదా, 9,000 క్రెడిట్ బ్యాలెన్స్ తేలుతుంది. డాలర్లలో సున్నా, రూపాయల్లో మనమే క్లయింటుకు బాకీ! ఆ 9,000 రెండుసార్లు నష్టంగా పడిందని దానర్థం. కొంతమంది ఆడిటర్లు ఏప్రిల్ 1న మార్చి ఎంట్రీని తిరగేయిస్తారు. అదీ తప్పేం కాదు. అప్పుడు ఏప్రిల్ 1న 9,000 లాభం, ఏప్రిల్ 18న 14,000 నష్టం, నికరంగా అదే 5,000. ఏదో ఒక దారి పట్టుకోండి, సగం ఇదీ సగం అదీ వద్దు. నన్నడిగితే తిరగేయకుండా ఉండటమే నయం. ట్యాలీ కూడా అలాగే ఆలోచిస్తుంది.

ట్యాలీలో ఇదంతా సాఫీగా సాగాలంటే పార్టీ లెడ్జర్‌లో కరెన్సీ డాలర్ అని ఉండాలి, బిల్లువారీగా నడవాలి. చాలాచోట్ల రూపాయల లెడ్జర్ పెట్టి, నేరేషన్‌లో మాత్రం డాలర్లు రాస్తారు. అలా చేస్తే తేడా ఎక్కడుందో ట్యాలీకి తెలియదు, ఆరు నెలలయ్యాక మనకూ తెలియదు. డాలర్ లెడ్జర్ అయితే వౌచర్‌లో డాలర్లు, రేటు ఇస్తే ఇలా కనిపిస్తుంది:

```
$ 10,000.00 @ ₹ 86.40/$ = ₹ 8,64,000.00
```

రసీదు వేసేటప్పుడు పార్టీకి 10,000 డాలర్లనూ 85.00 రేటుకే క్రెడిట్ చేయండి, అంటే 8,50,000. ఎదురుగా బ్యాంకు, చార్జీలు, ఇన్‌పుట్, ఆ 1,700 కలిపితే సరిగ్గా 8,50,000 అవుతుంది. ఇప్పుడు పార్టీ డాలర్లలో సున్నా అయి, రూపాయల్లో 5,000 మిగులుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అనే వరుస కనిపిస్తే భయపడకండి. అదే ఈ 5,000. తేడా ఉంది, ఇంకా ఎంట్రీ వేయలేదు అని ట్యాలీ గుర్తు చేస్తోంది.

దాన్ని సరిచేయడానికి జర్నల్ వౌచర్ టైప్‌లోకి వెళ్లి `Name of Class` కింద ఒక క్లాస్ తయారు చేసుకుని, అందులో `Use Class for Forex Gain/Loss Adjustments` దగ్గర `Yes` పెట్టండి. తర్వాత ఆ క్లాస్‌తో జర్నల్ తెరిచి ఎక్స్ఛేంజ్ తేడా లెడ్జర్‌కు ఎదురుగా పార్టీని పెడితే, డాలర్లు కదలకుండా రూపాయలు మాత్రమే సర్దుకుంటాయి. మార్చి 31 ఎంట్రీ కూడా ఇదే పద్ధతి. ముందు కరెన్సీ మాస్టర్‌లో ఆ రోజు రేటు ఎక్కించాలి. మామూలు జర్నల్‌లో డాలర్ మొత్తం వేసి సరిచేయబోతే డాలర్ బ్యాలెన్స్ చెడిపోతుంది, అక్కడ జాగ్రత్త.

అన్నీ అయ్యాక పార్టీ లెడ్జర్‌ను రెండు కరెన్సీల్లోనూ ఒకసారి తెరిచి చూడండి. రెండూ సున్నా అయితే పని పూర్తయినట్టే. డాలర్లు సున్నా, రూపాయలు మిగిలితే ఎక్స్ఛేంజ్ ఎంట్రీ మిగిలిందన్నమాట. రూపాయలు సున్నా, డాలర్లు 20 మిగిలితే ఎవరో తేడా మొత్తాన్ని ఎక్స్ఛేంజ్‌లోకో రౌండాఫ్‌లోకో తోసేశారు, మధ్యవర్తి బ్యాంకు కోతను విడిగా చూపలేదు. డాలర్లలో 500, 1,000 లాంటి పెద్ద అంకె మిగిలితే అది బ్యాంకు పని కాదు, క్లయింటే తక్కువ పంపాడు. రూపాయల్లో ఏ ఎంట్రీ వేసినా ఆ బాకీ మాసిపోదు, ఫోన్ చేసి అడగాల్సిందే.

క్రెడిట్ నోట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. క్రెడిట్ నోట్ ఇస్తే క్లయింటుకు ధర తగ్గించినట్టు. మీరు ధరేమీ తగ్గించలేదు, 10,000 డాలర్ల పనికి ఆయన 10,000 డాలర్లూ ఇచ్చాడు. పైగా క్రెడిట్ నోట్ జీఎస్‌టీఆర్-1లోకి వెళ్తుంది, మీ ఎగుమతి టర్నోవర్ తగ్గిపోతుంది, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీ మీద పేరుకున్న ఇన్‌పుట్ రీఫండ్ మీరు ఎప్పుడైనా అడిగితే లెక్కలు పొంతన కుదరవు. జీఎస్‌టీలో ఇన్వాయిస్ విలువ ఒకసారి కట్టాక అంతే. ఆ తర్వాత రేటు పెరిగినా తగ్గినా అది మారదు. డిస్కౌంట్ లెడ్జర్‌దీ అదే కథ. ఇవ్వని డిస్కౌంట్ ఇచ్చినట్టు రికార్డవుతుంది. లాభం వచ్చిన ఏడాదిలో దాన్ని అమ్మకాల్లో కలిపేయడం కూడా ఇలాంటిదే, పుస్తకాల టర్నోవరూ రిటర్న్‌ల టర్నోవరూ వేర్వేరుగా కనిపిస్తాయి. ఎక్స్ఛేంజ్ తేడాకు విడిగా ఒక లెడ్జర్ పెట్టండి. లాభమైనా నష్టమైనా అందులోకే రానివ్వండి.

ఫిబ్రవరి 10న ఏ రేటు తీసుకోవాలన్నది మీరు అడగలేదు కానీ, దీని మీదే ఎక్కువ వాదనలు జరుగుతాయి. సేవల ఎగుమతికి జీఎస్‌టీ 34వ రూల్ అకౌంటింగ్ సూత్రాల ప్రకారం వచ్చే రేటునే ఒప్పుకుంటుంది. అంటే పుస్తకాల్లో, రిటర్న్‌లో ఒకే రేటు సరిపోతుంది. ఎక్కువమంది ఎఫ్‌బీఐఎల్ అనే బెంచ్‌మార్క్ రేట్ల సంస్థ పనిదినాల్లో ప్రకటించే రిఫరెన్స్ రేటు తీసుకుంటారు. 2018 వరకు దీన్ని రిజర్వు బ్యాంకే ప్రకటించేది. సెలవు రోజైతే ముందు పనిదినం రేటు. గూగుల్‌లో కనిపించిన రేటు వేసేస్తే మరుసటి రోజు అదే రేటు మీకే దొరకదు, ఆడిటర్‌కు చూపించడానికి కాగితం ఉండదు. రేటు పేజీని పీడీఎఫ్‌గా తీసి ఇన్వాయిస్‌తో పాటు పెట్టుకోండి. నెలకు పదుల ఇన్వాయిస్‌లుండి, రేటు పెద్దగా కదలకపోతే వారం సగటో నెల సగటో వాడటానికి ఏఎస్ 11 ఒప్పుకుంటుంది, మీకు ఆ అవసరం ఉన్నట్టు లేదు. సరుకు ఎగుమతి చేసేవాళ్లకు మాత్రం జీఎస్‌టీ విలువకు కస్టమ్స్ బోర్డు ప్రకటించే రేటు వాడాలి. గుంటూరు మిర్చి ఎగుమతిదారులకు ఇది బాగా తెలుసు. మీది సేవ కాబట్టి ఆ తలనొప్పి లేదు.

ఆదాయపు పన్ను సంగతి మీ సార్ తప్పకుండా అడుగుతారు. డబ్బు చేతికి రాకముందే మార్చి 31న రాసిన 9,000 నష్టాన్ని పన్ను లెక్కలో ఒప్పుకుంటారా అని. ఇలాంటి వ్యాపార బాకీల మీద ఒప్పుకుంటారు. ఏడాది చివరి రేటుతో తేలిన నష్టం ఊహ కాదు, నిజమైన నష్టమేనని వుడ్‌వార్డ్ గవర్నర్ కేసులో సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. తర్వాత 2018 ఫైనాన్స్ యాక్ట్ ద్వారా 1961 చట్టంలో 43ఏఏ సెక్షన్ చేర్చి దీన్ని రాతలోనే పెట్టారు. అయితే ఇది రెండు వైపులా పదునున్న కత్తి. డాలర్ పెరిగిన ఏడాదిలో, ఇంకా రాని డబ్బు మీద లాభం చూపి పన్ను కట్టాల్సి వస్తుంది. నష్టమైతే రాసి, లాభమైతే వదిలేసే వెసులుబాటు లేదు.

క్లయింటు అడ్వాన్స్ ఇచ్చే రోజు వస్తే మాత్రం పైన చెప్పిన మార్చి 31 సూత్రాన్ని గుడ్డిగా వాడకండి. 3,000 డాలర్లు ముందుగా ఇచ్చాడనుకోండి, ఆ రోజు 86.00 చొప్పున 2,58,000 వచ్చాయి. మీరు ఆయనకు తిరిగి ఇవ్వాల్సింది డాలర్లు కాదు, డ్రాయింగ్‌లు. కాబట్టి ఏడాది చివర దాన్ని తిరిగి లెక్కగట్టరు. తర్వాత 10,000 డాలర్ల ఇన్వాయిస్ వేసినప్పుడు అందులో 3,000 డాలర్ల ఆదాయం 86.00 రేటుకే నిలుస్తుంది, మిగిలిన 7,000 మాత్రమే ఆ రోజు రేటుకు వస్తుంది. ఇండ్ ఏఎస్ 21 పాటించే పెద్ద కంపెనీలకు దాని అనుబంధం బి ఈ మాట స్పష్టంగా చెప్తుంది. ఏఎస్ 11 కింద కూడా ఇలాంటి అడ్వాన్స్‌ను మానిటరీ ఐటమ్‌గా, అంటే డబ్బు రూపంలోనే తీరే బాకీగా చూడరు. మీరు డాలర్లను మార్చకుండా, విదేశీ కరెన్సీలోనే డబ్బు ఉంచుకునే ఈఈఎఫ్‌సీ ఖాతాలో ఉంచితే దానికి వ్యతిరేకం. ఆ బ్యాలెన్స్ అచ్చంగా డాలర్లే కాబట్టి మార్చి 31న దాన్నీ ఆ రోజు రేటుకు లెక్కగట్టాలి.

ఇక మీ చేతిలో ఉన్న పని. పాత ఏడాది పుస్తకాలు ఇంకా ఆడిట్ కాకపోతే మార్చి 31 ఎంట్రీని ఆ తేదీతోనే వేసి, ఏప్రిల్ 18 రసీదును పైన చెప్పినట్టు సరిచేయండి. ఆడిట్ అయిపోయి సంతకాలు కూడా పడి ఉంటే పాత తేదీలోకి వెళ్లకండి. 14,000 మొత్తం ఈ ఏడాదిలోనే వేసి, అందులో 9,000 పాత ఏడాదికి చెందిందని నేరేషన్‌లో రాసి ఆడిటర్‌కు చెప్పండి. పన్ను లెక్కలో దాన్ని ఎలా చూడాలో ఆయన నిర్ణయిస్తారు. ఇంతకుముందు ఇలాగే డిస్కౌంట్‌లో కొట్టేసిన ఇన్వాయిస్‌లు ఏమైనా ఉంటే ఈ ఏడాదివి వరకు బ్యాంకు అడ్వైస్‌లు తీసి, ఒక్కో జర్నల్‌తో ఎక్స్ఛేంజ్ తేడాకూ బ్యాంకు చార్జీలకూ విడదీసి మార్చేయండి.